అప్‌డేట్: గెలిచిన సొమ్ము నాలుగో వారం ఎందుకు ఆగింది

నా ప్రశ్న: "యూరప్‌లో ఉంటున్న మా బావమరిది అక్కడి లైసెన్సున్న కాసినో సైటులో 30,040 యూరోలు గెలిచాడు. వారానికి 2,500 చొప్పున ఇస్తామన్నవారు మూడు వారాలిచ్చి ఆపేశారు. ఎందుకు?"

సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. గుర్తింపు పత్రాలలోనో బ్యాంకులోనో లోపముందన్న అనుమానాలు తప్పని తేలింది. నెలవారీ పరిమితి చూడమన్న సలహాయే సరైనది. బ్రాడీపేటలో మాకు తెలిసిన ఆడిటరుగారు నిబంధనలు ప్రింటు తీసి చదివి, వారపు పరిమితికి రెండు పేరాల కింద ఉన్న "నెలకు 7,500" అనే వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. రెండు పరిమితులున్నప్పుడు ముందుగా నిండినదే చెల్లింపును ఆపుతుంది కనుక, మేము పన్నెండు వారాలనుకున్నది నాలుగు నెలలు దాటుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఆయనే చూపించారు. కనీస విత్‌డ్రాయల్ 50 యూరోలు కాబట్టి, పన్నెండు వాయిదాలూ పూర్తిగా తీసుకుంటే చివర మిగిలే 40 ఖాతాలోనే చిక్కుకుంటాయి. అందుకే పన్నెండోసారి 2,490 తీసుకుని, ఆపై నెలలో సరిగ్గా 50 తీసుకోవాలని నిర్ణయించాము.

అసలు ప్రమాదం, నా దృష్టిలో, వేరే ఉంది: ఇంకా చెల్లించని సొమ్ము ఆట ఖాతాలోనే కనిపిస్తూ, మళ్ళీ పందెం కాయడానికి వీలుగా ఉంటుంది. రెండో వారంలో మావాడు 300 అలాగే పోగొట్టుకున్నాడు (పై లెక్క అతను వాటిని తిరిగి గెలిచాక వేసినది). ఆ బ్యాలెన్సును ఆటకు వాడకుండా తాళం వేయమని సపోర్టుకు రాస్తే, మర్నాటికి వేశారు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ జూదం నిషిద్ధం. ఇది అక్కడి లెక్క మాత్రమే.