ఎయిర్‌డ్రాప్ కాయిన్లు వచ్చిన రోజే అమ్మేస్తే తప్పా?

మద్దిలపాలెం కుర్రాడు: 2023లో ఆర్బిట్రమ్ అనే క్రిప్టో నెట్‌వర్క్ తనను వాడినవాళ్లకు ఊరికే కాయిన్లు పంచింది. ఆ ఎయిర్‌డ్రాప్‌లో నాకు 625 వస్తే ఆ రోజే అమ్మేశాను. మీలాంటివాళ్ల వల్లే రేట్లు పడిపోతున్నాయని మా గ్రూపులో ఇప్పటికీ తిడుతున్నారు. ఊరికే వచ్చినవాటిని వెంటనే అమ్మడం ద్రోహమా?

ఆర్కే బీచ్: ద్రోహమే బ్రో. అమ్మేవాళ్లంతా ఫార్మర్లే. ఒక్కొక్కడు ముప్పై వాలెట్లు తెరిచి, పది రూపాయల లావాదేవీలు అటూ ఇటూ తిప్పి కాయిన్ల కోసం కూర్చుంటాడు. నమ్మకం ఉన్నవాడైతే ఉంచుకుంటాడు.

ద్వారకానగర్ మాస్టారు: ఫార్మర్లు ఉన్నమాట నిజం. అయితే ఒకే చోటి నుంచి డబ్బు అందుకున్న వాలెట్ల గుంపులను కొన్నిటిని పట్టుకుని ముందే తీసేశారు. అమ్మకాలకు అసలు కారణం పంచిన తీరులోనే ఉంది. ఎవరికెంత రావాలో లెక్కగట్టే స్నాప్‌షాట్ ఫిబ్రవరి 6న తీశారు, కాయిన్లు తీసుకునే క్లెయిమ్ మార్చి 23న తెరిచారు. ఆ ఆరో తేదీ తర్వాత నువ్వు ఆ నెట్‌వర్క్ వాడినా, మానేసినా రావాల్సిన వాటాలో తేడా లేదు. అయిపోయిన పనికి కూలి ఇచ్చారు, రేపు కూడా రావాలన్న షరతు పెట్టలేదు.

ఇక మొత్తం కాయిన్లు 1000 కోట్లు. అందులో వాడినవాళ్లకు దక్కింది 116 కోట్లు. టీముకూ ఇన్వెస్టర్లకూ కలిపి 44 శాతం రాశారు గానీ, ఏడాదిపాటు అమ్మనివ్వకుండా తాళం వేశారు. అంటే మొదటిరోజు అమ్మగలిగే స్థితిలో ఉన్నది దాదాపుగా మీరే. అందుకే అమ్మకమంతా మీదే అయినట్టు కనబడింది. తాళం వెనక మీ వాటాకు మూడు నాలుగు రెట్లు ఉందని తెలిసినవాడు ముందే బయటపడాలనుకోవడంలో వింతేముంది?

హార్బర్ రోడ్డు: మాస్టారు చెప్పింది మాకు రోజూ కనిపించేదే. మాది ఫిషింగ్ హార్బర్ దగ్గర. జూన్ 14తో వేట నిషేధం అయిపోయాక బోట్లన్నీ ఒక్కసారే ఒడ్డుకొస్తే రేటు పడిపోతుంది. ఐసు లేనోడు ఆ తెల్లారే అమ్ముకుంటాడు. అతన్ని ద్రోహి అంటామా?

ఆర్కే బీచ్: చేప మర్నాటికి పాడైపోతుంది, కాయిన్ పాడవదు కదన్నా! 2020 సెప్టెంబరులో, కాయిన్లు మార్చుకునే యూనిస్వాప్ తనను వాడిన ఒక్కో వాలెట్‌కు కనీసం 400 కాయిన్లు ఇచ్చింది. అప్పుడు ఒక్కోటి మూడు డాలర్లకు అటూ ఇటూ. 2021 మేలో నలభై దాటింది. మొదటిరోజు అమ్మినవాళ్లు ఎంత బాధపడి ఉంటారు!

గాజువాక పద్మ: నాకూ ఒక యాప్‌లో కాయిన్లు వచ్చాయండి, 4,000 చూపిస్తోంది. అమ్ముదామంటే ముందు ఫీజు కట్టమంటున్నారు. ఇప్పుడే కట్టాలా, రేటు పెరిగాకా?

ద్వారకానగర్ మాస్టారు: పద్మగారూ, ఒక్క రూపాయి కూడా కట్టకండి. నిజమైన క్లెయిమ్‌లో నెట్‌వర్క్ ఫీజు మీ వాలెట్‌లోంచే పోతుంది, ఎవరి ఖాతాకూ పంపనక్కర్లేదు. వాలెట్ రహస్య పదాలు అడిగితే అసలు చెప్పకండి.

బీచ్ తమ్ముడూ, యూనిస్వాప్ మాట ఒప్పుకుంటాను. ఆర్బిట్రమ్ కూడా 2024 జనవరిలో రెండు డాలర్లు దాటింది, ఆగినవాడికి అవకాశం దొరికింది. కానీ మార్చి 16న తాళం తీస్తే ఒక్కరోజే 111 కోట్ల కాయిన్లు బయటికొచ్చాయి. ఆ తర్వాత నెలనెలా వస్తూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌కు 30 సెంట్ల దగ్గరకు దిగింది.

మన దగ్గర పన్ను ఇంకో సంగతి. 625 కాయిన్లు, అప్పటి రేటు సుమారు 1.30 డాలర్లు, డాలరు 82 రూపాయలనుకుంటే 66 వేల పైచిలుకు. ఊరికే వచ్చినవాటి విలువ ఏడాదికి 50 వేలు దాటితే, అందుకున్న రోజు విలువ మీదే ఆదాయపు పన్ను వేస్తారన్నది చాలామంది ఆడిటర్ల మాట. ఇరవై శాతం స్లాబులో ఉన్నవాడికి 13 వేలకు పైనే. 30 సెంట్ల దాకా ఆగినవాడి చేతిలో మిగిలినవి 15, 16 వేలు. పన్ను మాత్రం పాతదే, ఆ నష్టాన్ని ఇంకే ఆదాయంలోంచీ తగ్గించుకోనివ్వరు. మొదటిరోజు అమ్మినవాడు వచ్చిన డబ్బులోంచే పన్ను కడతాడు.

హార్బర్ రోడ్డు: మా బావకు ఆడిటర్ వేరేలా చెప్పారు. అమ్మినప్పుడే, కొన్న ధర సున్నా అనుకుని, మొత్తం మీద 30 శాతం అన్నారు.

ద్వారకానగర్ మాస్టారు: అలా చెప్పేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు మొదటిదే సరిగ్గా అనిపిస్తుంది.

ఆర్కే బీచ్: పన్ను సంగతి నేను ఆలోచించలేదు. అయినా హైపర్‌లిక్విడ్ అనే క్రిప్టో ట్రేడింగ్ వేదికను చూడండి. 2024 నవంబరులో తన కాయిన్లలో 31 శాతం వాడినవాళ్లకే ఇచ్చింది, తాళం కూడా లేదు. మరి రేటు నెలలోనే ఎన్నో రెట్లు పెరిగిందిగా?

ద్వారకానగర్ మాస్టారు: అందులో ఇన్వెస్టర్లకు వాటానే లేదు తమ్ముడూ. మీదికొచ్చి పడే గుట్ట చిన్నదైతే ఆగడానికి జనం భయపడరు. అదొక్కటే కారణమని మాత్రం అనను, వాడకం కూడా గట్టిగా ఉంది.

మద్దిలపాలెం కుర్రాడు: ఇంకోటి రాబోతోందంటున్నారు. ఈసారి టీమ్ తాళం ఎప్పుడు తీస్తారో ముందు చూస్తాను, క్లెయిమ్ చేసిన రోజు రేటు రాసి పెట్టుకుంటాను. మొత్తం అమ్మాలా, పన్నుకు సరిపడా అమ్మి మిగతాది ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.