మీకా, మాకా? వీడ్కోలు కార్డు మీది ఆటవెలది

పద్యప్రియ: ముప్పయ్యేళ్ళు ఒకే ఆఫీసులో చేసి రిటైరైన మా మేనేజరు గారికి కార్డు మీద ఈ పద్యం రాసిచ్చాం. పైకి చదువుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. కార్డు ఆయన దగ్గరుంది, రాసినాయనకి బదిలీ అయింది. నాలుగో పాదం మొదటి అక్షరం తేలడం లేదు.

కుర్చి మారెగాని కూర్చున్న దొకచోటె
ముప్పదేండ్లు గడిచె ముచ్చటగను
సంతకమ్ము లేక సాగలే దేఫైలు
మీకు సెలవునిచ్చు మేటి యెవరు?

నాకు 'మీకు' అని గుర్తు. పక్క సీటు ఆవిడ 'మాకు' అంటున్నారు.

ఛందోమిత్ర: 'మీకు'నే అండీ. నాలుగో గణం 'మేటి'. మీ, మే లకి యతి కుదురుతుంది. మా, మే లకి కుదరదు.

కొత్తపాఠకుడు: ఆటవెలదికి ప్రాస అక్కర్లేదు కదా సార్, యతి మాత్రం ఎందుకు?

ఛందోమిత్ర: ప్రాస అక్కర్లేదన్నది నిజమే. యతి తప్పదు, లేదంటే ప్రాసయతి వేయాలి. ఇక్కడ 'కు'కి 'టి' కలవదు, ఆ దారీ లేదు.

నవ్వులరేడు: యతి సరే, నవ్వు సంగతి? ఇన్నేళ్ళూ మన సెలవు చీటీల మీద సంతకం పెట్టింది ఆయనే. ఇక ఎవరిని బతిమాలాలి అని అడిగితేనే నవ్వొస్తుంది. 'మీకు' అంటే ఉత్త పొగడ్త.

సీతమ్మవాకిలి: నాకలా అనిపించలేదు. అందరికీ సెలవులిచ్చిన మనిషి తనకి మాత్రం పెట్టుకోలేదంటే ఆయనే ముందు నవ్వుతారు. మా మేడమ్‌కి నేను రాసిన కార్డులో ఆవిడ ఫైళ్ళ మీద రాసే 'చర్చించుడు' అన్న మాటే పెట్టాను. మీరూ మీ సార్ ఊతపదం పెట్టాల్సింది.

పద్యప్రియ: కార్డు ఇచ్చేశామండీ, ఇప్పుడు అక్షరం కోసమే అడుగుతున్నా.

ఛందోమిత్ర: 'మాకు' కావాలంటే రెండో మాట మారాలి. 'మాకు సెలవునిచ్చు మనిషి యెవరు' అంటే గణాలూ యతీ రెండూ సరిపోతాయి. రాసినాయన అలాగే రాసి ఉంటారని నా అనుమానం.

నవ్వులరేడు: 'కుర్చీ'ని 'కుర్చి' చేసినాయన యతి దగ్గర అంత పట్టుదలకి పోతాడా?

ఛందోమిత్ర: దీర్ఘం ఉంటే అది సూర్యగణమే కాదు, అందుకే కుదించారు. చెవి ఉన్న మనిషే. వేమన చూడండి, 'ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు'. యతి దగ్గర 'నొ' కనిపిస్తుంది, కానీ ఉకారానికి జత ఆ నకారం వెనకున్న ఒకారం. లెక్క తెలియనివాళ్ళకి కూడా చదువుతుంటే హాయిగా ఉంటుంది.

సీతమ్మవాకిలి: నిజమే, 'కప్పురంబు' దగ్గర ఆగి 'నొక్క' అందుకుంటాం. మా తాతగారు అక్కడ ఒక క్షణం ఎక్కువే ఆగేవారు.

పద్యప్రియ: ఆవిణ్ణి మళ్ళీ అడిగాను. 'మాకు' అనే ఉందట, 'మేటి' కూడా ఉందట. రెండిట్లో ఏదీ వదులుకోనంటున్నారు.