కూర ముందు, అన్నం చివర: షుగర్ దిగింది, పొట్ట మాత్రం దిగలేదు

మేడవాక్కం నివాసి
వయసు 43, చెన్నైలో ఐటీ ఉద్యోగం. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, అంటే ప్రీడయాబెటిస్. బరువు 81 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. మందులేవీ లేవు. రెండు నెలలుగా కూర ముందు, అన్నం చివర తింటున్నాను. ప్రతి పూటా తిన్నాక పది నిమిషాలు నడుస్తున్నాను. తిన్న గంటకి 190 ఉండే షుగర్ ఇప్పుడు 150. బరువు మాత్రం అరకిలో కూడా తగ్గలేదు. ఇలా తింటే, నడిస్తే కొవ్వు తగ్గుతుందా, తగ్గదా?

పెరంబూర్ పెద్దాయన
తగ్గదు బాబూ. అన్నం మానెయ్యి. పొద్దున్న రాగి జావ, రాత్రి సామన్నం, కొర్రన్నం. చిరుధాన్యాలకి కొలత అక్కర్లేదు, కడుపు నిండా తిను. నేను మూడేళ్లుగా అలాగే తింటున్నాను.

తిరువాన్మియూర్ డైటీషియన్
మేడవాక్కం గారూ, మధ్యాహ్నం భోజనంలో ఏమేం తింటారో చెప్పండి. ఏదీ వదలకుండా, నూనెతో సహా.

మేడవాక్కం నివాసి
బీన్స్ పొరియల్ ఒక గిన్నె, కీరై కూటు, ప్రొటీన్ కోసం గుప్పెడు వేయించిన పల్లీలు. పది నిమిషాలు ఆగి రెండు కప్పుల అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. పల్లీలు ఈ రెండు నెలల్లో కొత్తగా మొదలుపెట్టాను. మిగతావి ఎప్పటిలాగే.

తిరువాన్మియూర్ డైటీషియన్
ఆ గుప్పెడు ఒకసారి తూకం వేసి చూడండి.

మేడవాక్కం నివాసి
ఇప్పుడే చూశాను. 55 గ్రాములు.

తిరువాన్మియూర్ డైటీషియన్
మీ బరువు అక్కడే ఆగిపోయింది. 55 గ్రాముల పల్లీలంటే సుమారు 310 కేలరీలు. మీ బరువున్న మనిషి మూడు పూటలా పదేసి నిమిషాలు మామూలుగా నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 100 కేలరీల దాకానే. నడకతో పోగొట్టుకున్నదానికి మూడింతలు పల్లీలతో తిరిగి వచ్చేసింది.

అలాగని నడక వృథా కాదు. తిన్న వెంటనే కాళ్లు కదిలితే కండరాలు రక్తంలోని చక్కెరని లాక్కుంటాయి. 190 నుంచి 150కి తగ్గడంలో దానికీ వాటా ఉంది. కూర ముందు తింటే పీచూ ప్రొటీనూ ముందే కడుపులో చేరి, అన్నం పేగుల్లోకి మెల్లగా దిగుతుంది. ఈ రెండూ చక్కెర ఎంత ఎత్తుకి ఎగరాలో మారుస్తాయి. ఒంట్లో కొవ్వు తగ్గాలంటే మాత్రం రోజు మొత్తం మీద తినేది తగ్గాలి.

ఇంకో మాట. అన్నం చివర్లో తింటే చక్కెర పెరగడం కాస్త ఆలస్యమవుతుంది. గంటకే చూస్తే నిజంగా తగ్గినదానికన్నా ఎక్కువ తగ్గినట్టు కనిపించవచ్చు. మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టి రెండు గంటలకి కూడా చూడండి.

అంబత్తూర్ గృహిణి
భోజనం కాగానే నడవొద్దండీ! మా అమ్మ అలాగే నడిచి చెమటలు పట్టి పడబోయింది. చూస్తే షుగర్ 62. షుగర్‌కి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటుంది.

తిరువాన్మియూర్ డైటీషియన్
అమ్మగారి సంగతి వేరండీ. ఆ మాత్ర ఇన్సులిన్‌ని బలవంతంగా విడుదల చేయిస్తుంది కాబట్టి షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఇక్కడ అడిగినాయన మందులేవీ వాడటం లేదు. మీరు ఈ 62 రీడింగు సంగతి డాక్టరుగారికి ఈ వారమే చెప్పండి, డోసు చూస్తారు. మాత్ర మీరే ఆపెయ్యకండి.

పోరూర్ పాఠకుడు
నాకు వేరే సందేహం. అసలు బరువు వెంట ఎందుకు పడాలి? 2006లో మన చెన్నై నుంచే డాక్టర్ రామచంద్రన్ గారి బృందం ప్రీడయాబెటిస్ వాళ్ల మీద చేసిన అధ్యయనం వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో మూడేళ్లలో షుగర్ వ్యాధి వచ్చే ముప్పు 28 శాతం దాకా తగ్గింది, వాళ్ల బరువేమో పెద్దగా మారలేదు. ఈయన షుగర్ దిగిందిగా, చాలదా?

తిరువాన్మియూర్ డైటీషియన్
మంచి ప్రశ్న. బరువు కదలకపోయినా లాభం ఉంటుందన్నది నిజమే. కానీ 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో ముప్పు 58 శాతం తగ్గింది. మనుషులు వేరు, పద్ధతి వేరు కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఈయన విషయంలో నన్ను కలవరపెడుతున్నది నడుము. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్తపడమంటారు, ఈయనది 98. పొట్టలో, కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గకపోతే ఫాస్టింగ్ దిగడం కష్టం.

పోరూర్ పాఠకుడు
నడుము సంగతి ఒప్పుకుంటాను. బరువు తగ్గనివాళ్లని విఫలమైనట్టు చూడటం మాత్రం ఒప్పుకోను.

పెరంబూర్ పెద్దాయన
ఇన్ని లెక్కలెందుకమ్మా, రాగి తింటే సరిపోతుంది కదా.

తిరువాన్మియూర్ డైటీషియన్
పెద్దాయన గారూ, పాలిష్ బియ్యం కన్నా చిరుధాన్యాల్లో పీచు ఎక్కువన్నది నిజం. కానీ మెత్తగా మర పట్టి జావ కాస్తే పీచున్నా పిండి త్వరగా అరిగిపోతుంది. అదే పిండిని రొట్టె చేసి, ముందు రెండు గుడ్లో గిన్నెడు కూరో తింటే తేడా తెలుస్తుంది. ఇంట్లో మీటరుంటే రెండు రోజులు చూడండి. సామన్నంలోనూ కేలరీలుంటాయి, కొలత దానికీ కావాలి.

పెరంబూర్ పెద్దాయన *(మూడు రోజుల తర్వాత)*
అబ్బాయి మీటరుతో చూశాను. జావ తాగిన గంటకి 188. గుడ్లతో రొట్టె తిన్న రోజు 146. ఒక్కోసారే చూశాననుకోండి. జావ మానను, కానీ చిన్న గ్లాసు తాగుతాను.

మేడవాక్కం నివాసి
రెండు గంటలకి 142 వచ్చింది. ఇప్పుడేం మార్చాలి?

తిరువాన్మియూర్ డైటీషియన్
పల్లీలు తీసేసి అర కప్పు శనగల సుండల్ పెట్టుకోండి. అక్కడ 180 కేలరీలు తగ్గుతాయి. అన్నం రెండు కప్పుల నుంచి కప్పుంపావుకి తెచ్చి, కూటు పెంచండి, నూనె పెంచకుండా. అక్కడ మరో 150. రోజుకి 330 అంటే లెక్క ప్రకారం నెలకి కిలో పైచిలుకు. మీకు మొదటి మజిలీ 4 నుంచి 5.5 కిలోలు. వారానికోసారి పొద్దున్నే నడుము కొలుచుకోండి.

క్రోంపేట టీచర్
ఒక్క విషయం. నాకూ హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చి చాలా టెన్షన్ పడ్డాను. డాక్టర్ హిమోగ్లోబిన్ చూస్తే 9.4. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ అసలు కన్నా ఎక్కువ చూపించవచ్చట. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చూస్తే ఫాస్టింగ్ 94, రెండు గంటలకి 118. ఐరన్ మందులయ్యాక మళ్లీ చేయిస్తే 5.5.

తిరువాన్మియూర్ డైటీషియన్
చాలా అవసరమైన మాట చెప్పారు. మేడవాక్కం గారూ, మీరూ హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఎర్రకణాల ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి హెచ్‌బీఏ1సీ మూడు నెలలకి ముందు చేయించినా మార్పు పూర్తిగా కనబడదు. అప్పుడు దానితోపాటు ఫాస్టింగ్, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్ష కూడా చేయిస్తే మంచిది. ఫాస్టింగ్ 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ వస్తే మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. ప్రయత్నం లేకుండా బరువు పడిపోతూ, దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే మూడు నెలలు ఆగొద్దు, మర్నాడే వెళ్లండి.

పోరూర్ పాఠకుడు
షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇప్పుడే మొదలుపెడితే? ఆ చెన్నై అధ్యయనంలో అదీ పనిచేసిందిగా.

తిరువాన్మియూర్ డైటీషియన్
పనిచేసింది. కొందరు డాక్టర్లు ముందే ఇస్తారు, కొందరు మూడు నెలలు చూస్తారు. ఈయన రిపోర్టులన్నీ చూసి డాక్టరే తేల్చాలి, నేను చెప్పేది కాదు.

మేడవాక్కం నివాసి *(ఆరు వారాల తర్వాత)*
79.6 కిలోలు, నడుము 96. హిమోగ్లోబిన్ బాగానే ఉంది. రాత్రి కాల్స్ ముగిసేసరికి పదిన్నర, అప్పుడు తిని వెంటనే పడుకుంటున్నాను. ఆ నడకే కుదరడం లేదు.

తిరువాన్మియూర్ డైటీషియన్
భోజనాన్ని కాల్స్‌కి ముందు, ఏడున్నరకి జరపండి. మీరు మాట్లాడక్కర్లేని కాల్‌ని వరండాలో నడుస్తూ వినండి.