అప్‌డేట్: నా లేసు పనులకు ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్

నేను అడిగింది: "నరసాపురం లేసుతో గోడకు వేలాడదీసే పనులు చేస్తున్నాను. మొదటి ప్రదర్శనకు స్టేట్‌మెంట్ పెద్ద మాటలు లేకుండా ఎలా రాయాలి?"

అప్‌డేట్: మీరు చెప్పినట్టే, ఇంకొకరి పనికీ అతికే ప్రతి వాక్యాన్నీ కొట్టేశాను. "స్మృతి, అస్తిత్వాల అన్వేషణ" మొదట పోయింది. మిగిలింది ఇదీ:

"ఇవి నూలు దారంతో, క్రోషా సూదితో అల్లిన లేసు ముక్కలు. అల్లింది మా ఊరి ఆడవాళ్లు. ముక్క లెక్కన కూలి ఇచ్చాను. రంగు వేసి, కలిపి కుట్టింది నేను. దారాన్ని కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఇనుప తుప్పు నీళ్లలో ముంచితే బూడిద రంగు వస్తుంది, మళ్లీ మళ్లీ ముంచితే నల్లబడుతుంది. గోదావరి వరద తీశాక మా ఇంటి గోడ మీద మిగిలే మరకల అంచుల్ని ఆ రంగులతో చూపించాలనుకున్నాను."

కూలి మాట తీసేయమని ఒకరన్నారు. తీయలేదు. చూసేవాళ్లు మొదట అడిగేది "ఇదంతా మీరే అల్లారా?" అనే కదా.

ఇంకోటి చేర్చాను: ఇనుము ఎక్కువైన చోట నూలు కొన్నేళ్లకు పెళుసుబారుతుంది, నల్లటి భాగాలు ముందు తెగొచ్చు. గ్యాలరీవాళ్లు దాన్ని ధరల పట్టీలో పెడదామన్నారు. రెండు చోట్లా ఉంచమన్నాను.