స్ప్రింట్‌లో సెలవులే సెలవులు, అయినా 35 పాయింట్లు తీసుకోమంటున్నారు

కొత్త_లీడ్
అందరికీ నమస్తే. టీమ్‌లో ఏడుగురం, ఐదుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు. టెస్టర్లు వేరే దేశంలో ఉంటారు. రెండు వారాల స్ప్రింట్, సోమవారం ప్లానింగ్, రెండో శుక్రవారం మధ్యాహ్నం రివ్యూ, ఆ వెంటనే రెట్రో. వచ్చే స్ప్రింట్‌లో డెవలపర్లకి మొదటి వారం గురు, శుక్ర సెలవు. టెస్టర్లకేమో రెండో వారం బుధ, గురు సెలవు. లెక్కేస్తే 70 మనిషి-రోజుల్లో 14 పోయి 56 మిగిలాయి. మా వెలాసిటీ స్ప్రింట్‌కి సగటున 35 పాయింట్లు కాబట్టి 35 × 56 / 70 = 28 అని చెప్పా. మేనేజర్ గారేమో "ఎప్పుడూ 35 చేస్తున్నారుగా, ఇప్పుడేమైంది" అంటున్నారు. 28 కరెక్టేనా? ఇంకోటి, స్ప్రింట్‌ని రెండ్రోజులు పొడిగిస్తే తప్పా?

రెండ్రోజులే_కదా
పొడిగించెయ్ బ్రో ఇందులో ఆలోచించేదేముంది. మేం ఎప్పుడూ అంతే, రెండు సెలవులొస్తే పన్నెండు రోజుల స్ప్రింట్. పని రోజులు పదికి పది ఉంటాయి, పాయింట్లు తగ్గించక్కర్లేదు, మేనేజర్ కూడా హ్యాపీ.

బర్న్‌డౌన్_బాధితుడు
అయ్యా ఆ హ్యాపీ ఒక్క స్ప్రింటే. మా దగ్గర అలాగే ఒకసారి శుక్రవారం అవ్వాల్సింది మంగళవారానికి జరిపారు, రివ్యూకి వచ్చే బిజినెస్ వాళ్ల క్యాలెండర్‌లో ఆ మంగళవారం వేరే మీటింగ్ ఉంది, వాళ్లు రాలేదు, మాకు మేమే డెమో చూపించుకుని చప్పట్లు కొట్టుకున్నాం. పక్క టీమ్ మాత్రం పాత తేదీల్లోనే నడుస్తోంది, వాళ్లకి మేం ఇవ్వాల్సిన ఏపీఐ వాళ్ల స్ప్రింట్ మధ్యలో చేరింది. మళ్లీ పాత లైన్‌లోకి రావడానికి తర్వాతి స్ప్రింట్‌ని ఎనిమిది రోజులు చేశారు. ఆ రెండు స్ప్రింట్ల వెలాసిటీ ఇప్పటికీ సగటులో ఉంది, ఏ ప్లానింగ్‌లో చూసినా "ఇదేంటి ఇంతుంది, అదేంటి అంతుంది" అని పది నిమిషాలు వేస్ట్.

పన్నెండేళ్ల_స్క్రమ్
పన్నెండేళ్లుగా స్క్రమ్ మాస్టర్‌గా చేస్తున్నా, నాలుగు సర్టిఫికేషన్లు ఉన్నాయి. 2020 స్క్రమ్ గైడ్‌లో స్పష్టంగా ఉంది, స్ప్రింట్ అంటే స్థిరమైన నిడివి, ఒక నెల లేదా అంతకంటే తక్కువ. పొడిగించడం అనే మాటే రాకూడదు. ఇక కెపాసిటీ సంగతి, మీరు అసలైన కోత మర్చిపోయారు. సెరిమనీలకి మనిషికి ఎంత పోతుందో చూడండి: ప్లానింగ్ 4 గంటలు, రివ్యూ 2, రెట్రో గంటన్నర, రిఫైన్‌మెంట్ 2, స్టాండప్‌లు పది రోజులకి రెండున్నర, మొత్తం 12 గంటలు. రోజుకి 6 గంటల అసలు పని అనుకుంటే రెండు రోజులు. ఏడుగురికి 14 రోజులు. 56లోంచి అదీ తీసేస్తే 42. అంటే 35 × 42 / 70 = 21. ఇదీ ప్రొఫెషనల్ లెక్క.

పైథాన్_పిచ్చోడు
సర్, 35 వచ్చిన స్ప్రింట్లలో మీరు ప్లానింగ్, రెట్రోలు పెట్టుకోలేదా?

పన్నెండేళ్ల_స్క్రమ్
ఎందుకు పెట్టుకోం?

పైథాన్_పిచ్చోడు
మరి ఆ 12 గంటలు పోగా మిగిలిన టైమ్‌లోనేగా 35 వచ్చింది. మళ్లీ తీసేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు కోసినట్టు. గంటల్లో ప్లాన్ చేసేవాళ్లయితే మీటింగులు తీసెయ్యాలి, వెలాసిటీతో చేసేవాళ్లయితే తీయకూడదు, రెండూ కలిపితే పులగమే. మీరన్నదాంట్లో ఒక్క నిజం ఉంది, సెలవులు పెరిగినా ప్లానింగ్, రివ్యూ పెద్దగా తగ్గవు. డెవలపర్‌కి మామూలుగా పదిలో రెండు పోయి ఎనిమిది రోజుల పని ఉంటే, రెండు సెలవులొచ్చినప్పుడు ఎనిమిదిలో రెండు పోయి ఆరు. ఎనిమిదికి ఆరు అంటే ముప్పావు వంతు, 80 శాతం కాదు. 28 బదులు 26 అవుతుంది, 21 కాదు.

పన్నెండేళ్ల_స్క్రమ్
పుస్తకం చదవకుండా వాదించే వాళ్లతో నేను టైమ్ పెట్టను.

పైథాన్_పిచ్చోడు
ఆ గైడ్‌లో స్టోరీ పాయింట్లూ లేవు, వెలాసిటీ అనే మాటా లేదు సర్, చూసుకోండి. మీరు చెప్పే సెరిమనీ అనే మాట కూడా లేదు, ఈవెంట్ అని ఉంటుంది. రిఫైన్‌మెంట్ అసలు ఈవెంటే కాదు. 2017 గైడ్‌లో అది సాధారణంగా కెపాసిటీలో 10 శాతం మించదని ఒక వాక్యం ఉండేది, 2020లో అదీ తీసేశారు.

నిద్రలేని_డెవ్
మీరిద్దరూ కొట్టుకోండి గానీ, మా దగ్గర సెలవు రోజు కూడా స్టాండప్ ఛానెల్‌లో అప్‌డేట్ పెట్టమంటున్నారు. "రెండు లైన్లేగా" అంట. సెలవు రోజు నిన్న ఏం చేశావ్ అంటే నిద్రపోయా అని రాయాలా. ఎవరికైనా ఇలా ఉందా?

రెండ్రోజులే_కదా
రాసెయ్ బ్రో, బ్లాకర్: అలారం 😂

జిరా_అడ్మిన్
కొత్త_లీడ్ గారూ, జిరాలో బోర్డు సెట్టింగ్స్‌లో `Working days` ఉంటుంది, అక్కడ సెలవు తేదీలు పెట్టండి, సమస్య తీరిపోతుంది.

బర్న్‌డౌన్_బాధితుడు
ఏం తీరదు. దాంతో బర్న్‌డౌన్‌లో ఆ బూడిద రంగు గీత సెలవు రోజుల్లో కిందకి దిగకుండా అడ్డంగా ఉంటుంది, అంతే. ఎన్ని పాయింట్లు తీసుకోవాలో చెప్పదు, స్ప్రింట్ ఎండ్ డేటూ మార్చదు. అజ్యూర్ డెవాప్స్‌లో నయం, స్ప్రింట్‌లో కెపాసిటీ ట్యాబ్‌లో ఒక్కొక్కరికి `Days off` వేరు, మొత్తం టీమ్‌కి వేరు పెట్టొచ్చు, దాన్నిబట్టి మిగిలిన గంటలు చూపిస్తుంది. అక్కడ కూడా ఎవరో ఒకరు కూర్చుని నింపాలి, మా దగ్గర నింపేవాడే లీవ్‌లో ఉంటాడు.

టెస్టింగ్_అక్క
అందరూ 28, 26, 21 అని కొట్టుకుంటున్నారు, ఆ టెస్టర్ల సెలవు ఎప్పుడు పడిందో ఒక్కరన్నా చూశారా? రెండో వారం బుధ, గురు. శుక్రవారం మధ్యాహ్నం రివ్యూ. అంటే మంగళవారం సాయంత్రంలోపు టెస్టర్ చేతికొచ్చి అయిపోయిందే డన్. శుక్రవారం పొద్దున్న మహా అయితే ఒకట్రెండు చిన్నవి క్లోజ్ అవుతాయి.

ఇప్పుడు డెవలపర్ల వైపు చూడండి. మంగళవారం లోపు వాళ్లకున్నవి మొదటి వారం సోమ, మంగళ, బుధ, రెండో వారం సోమ, మంగళ. ఐదు రోజులు, అందులో మొదటి సోమవారం సగం ప్లానింగ్‌కే. మామూలు స్ప్రింట్‌లో గురువారం దాకా ఇస్తూనే ఉంటారు కాబట్టి తొమ్మిది రోజులు. తొమ్మిదికి ఐదు. 35కి ఇలా వేస్తే 19, 20 మధ్య వస్తుంది. మీ 56 మనిషి-రోజులు నిజమే, కానీ మొదటి గురు, శుక్రల్లో టెస్టర్లు ఉంటారు, వాళ్లకి ఇచ్చేందుకు డెవలపర్లు ఉండరు. రెండో బుధ, గురుల్లో డెవలపర్లు ఉంటారు, తీసుకునేందుకు టెస్టర్లు ఉండరు. ఆ రోజులన్నీ లెక్కలోనే ఉన్నాయి.

మాకు ఇలాగే అయింది. స్టాండప్‌లో రోజూ "అంతా ట్రాక్‌లో ఉంది" అనేవారు, బోర్డు చూస్తే టెస్టింగ్ కాలమ్‌లో ఎనిమిది కార్డులు. బర్న్‌డౌన్ నాలుగు రోజులు గీత గీసినట్టు అడ్డంగా ఉంది. రివ్యూలో తిట్లు మాత్రం టెస్టర్లకే.

పన్నెండేళ్ల_స్క్రమ్
ఇది మినీ వాటర్‌ఫాల్. క్రాస్ ఫంక్షనల్ టీమ్ అయితే డెవలపర్లే టెస్ట్ చేస్తారు, ఈ సమస్యే రాదు.

టెస్టింగ్_అక్క
అవునండి, డెవలపర్ తను రాసింది తనే టెస్ట్ చేస్తే "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అని సర్టిఫికెట్ ఇస్తాడు. అది మీ ఐదో సర్టిఫికేషన్ అవుతుంది.

పైథాన్_పిచ్చోడు
అక్క చెప్పింది కరెక్ట్, నేనూ ఆ తేదీలు చూడకుండానే 26 అనేశా. కాకపోతే ఒకరు రాసింది ఇంకొకరు టెస్ట్ చేస్తే కొంత నడుస్తుంది అక్కా, టెస్ట్ కేసులు మీరు సెలవుకి ముందే రాసిపెడితే. మొదటి వారం గురు, శుక్రల్లో మీకు ఖాళీయేగా.

టెస్టింగ్_అక్క
ఆ ఖాళీలో రిగ్రెషన్ ఎవరు చూస్తారు తమ్ముడూ? సరే, కొన్నిటికి రాయొచ్చు. పేమెంట్ లాంటి వాటికి మాత్రం ఒప్పుకోను.

కాన్‌బాన్_మనిషి
స్ప్రింట్ తీసేస్తే ఈ గోలే ఉండదు. ఊరికే చెప్తున్నా.

కొత్త_లీడ్
అక్కా థాంక్స్, ఆ యాంగిల్‌లో అస్సలు ఆలోచించలేదు. అయితే రెండో వారం బుధ, గురు డెవలపర్లని ఖాళీగా కూర్చోబెట్టాలా? మేనేజర్ చూస్తే ఇంకో ఐదు స్టోరీలు లాగమంటారు.

టెస్టింగ్_అక్క
లాగితే అవి శుక్రవారం ఉదయం నా మీద పడతాయి. రిఫైన్‌మెంట్ ఆ బుధవారానికి జరపండి, టెస్టర్ల ప్రశ్నలు ముందే రాయించుకుని. పెండింగ్‌లో ఉన్న రీఫాక్టరింగ్, పైప్‌లైన్ రిపేర్లు పెట్టుకోండి. స్టోరీలు చిన్నవి చేయండి, అది ముఖ్యం. 8 పాయింట్ల స్టోరీ మూడు రోజుల్లో టెస్టర్ చేతికి రాదు, సెలవు ముందు బుధవారం కనీసం రెండు చిన్నవి రావాలి. లేకపోతే మొదటి వారమంతా టెస్టర్లకి గోళ్లు గిల్లుకోవడమే.

బర్న్‌డౌన్_బాధితుడు
ఇంకోటి, ప్లానింగ్‌కి ముందు అందర్నీ లీవులు అడుగు. గురు, శుక్ర సెలవంటే బుధవారం కూడా ఇద్దరు పెట్టేస్తారు, రాసి పెట్టుకో. పబ్లిక్ హాలిడే క్యాలెండర్‌లో ఉంటుంది, దాని పక్కన అతికించిన లీవ్ స్టాండప్‌లోనే తెలుస్తుంది.

నిద్రలేని_డెవ్
నేనే ఆ ఇద్దరిలో ఒకణ్ణి.

కొత్త_లీడ్
అప్‌డేట్: స్ప్రింట్ అయిపోయింది. తేదీలు బోర్డు మీద గీసి రోజులవారీ చూపిస్తే మేనేజర్ 22కి ఒప్పుకున్నారు, 20 అంటే మాత్రం ఒప్పుకోలేదు. 19 క్లోజ్ అయ్యాయి, 3 పాయింట్ల స్టోరీ ఒకటి మిగిలింది, అది మంగళవారం సాయంత్రం ఆరింటికి టెస్టింగ్‌కి వచ్చింది, టెస్టర్లు అప్పటికే లాగవుట్. బుధవారం నిజంగానే ఒకాయన లీవ్ పెట్టాడు. ఇప్పుడు కొత్త తలనొప్పి, 19 వెలాసిటీ సగటులో కలిసి సగటు పడిపోయింది, వచ్చే స్ప్రింట్‌లో సెలవులే లేవు. ఇప్పుడు 35 అనాలా, పడిపోయిన సగటు చెప్పాలా?

పైథాన్_పిచ్చోడు
పాయింట్లని ఆ స్ప్రింట్ మనిషి-రోజులతో భాగించి సగటు తియ్యి. మామూలుగా 35/70 అంటే రోజుకి అర పాయింట్, మొన్నటిది 19/55, అంటే 0.35 దగ్గర. ఆ తేడా సెలవుల సంఖ్య వల్ల కాదు, అవి పడిన చోటు వల్ల. అందుకే నేనైతే ఆ స్ప్రింట్‌ని పక్కన పెట్టేస్తా.

పన్నెండేళ్ల_స్క్రమ్
పక్కన పెట్టడం అంటే డేటా దాచడం. అన్నీ కలిపే తీసుకోవాలి.

పైథాన్_పిచ్చోడు
టైమ్ పెట్టనన్నారుగా సర్?

రెండ్రోజులే_కదా
ఇప్పటికీ చెప్తున్నా, పొడిగిస్తే అయిపోయేది.