టీ కప్పు చల్లారే గ్రాఫ్: లాగ్ తీసినా గీత వంగుతోంది, ఎందుకు?

బీఎస్సీ_మొదటి_ఏడు
న్యూటన్ శీతలీకరణ నియమం ప్రాక్టికల్ మా ల్యాబ్‌లో రాగి కెలోరీమీటరుతో చేశాం, బాగానే వచ్చింది. అదే ఇంట్లో టీతో చేద్దామని కూర్చున్నాను. పింగాణీ కప్పు, పాలు కలపని డికాక్షన్ 150 మి.లీ., గది 30 డిగ్రీలు, ఫ్యాన్ ఆపేశాను. మొదట 80 డిగ్రీలు. 5 నిమిషాలకు 70, పదికి 62.5, పదిహేనుకి 57, ఇరవైకి 52.6. గ్రాఫ్ షీటు మీద వంపు పుస్తకంలో బొమ్మలాగే ఉంది. కానీ ln(T − 30) లెక్కేస్తే వరసగా 3.91, 3.69, 3.48, 3.30, 3.12 వచ్చాయి. సరళరేఖ కావాలంటే ప్రతిసారీ ఒకేలా తగ్గాలి కదా. నాకు మొదట 0.22 తగ్గింది, చివరికి 0.18 తగ్గుతోంది. స్కేలు పెడితే మధ్య పాయింట్లు గీత కిందికి జారుతున్నాయి. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఇంతే. తప్పెక్కడ?

గోదారిగట్టు
ఫ్యాన్ ఆపి మంచి పని చేశారు. గాలి తగిలితే ఈ నియమం పనిచేయదు. బహుశా కిటికీ తెరిచి ఉంటుంది, మూసేసి చేయండి. సరిపోతుంది.

స్టీలుగ్లాసు
త్వరగా చల్లారాలంటే ఇంత కష్టం ఎందుకండీ? మాది టీ కొట్టు. రెండు గ్లాసులు తీసుకుని పైకెత్తి నాలుగుసార్లు తిరగబోస్తే నిమిషంలో తాగేలా అవుతుంది. సాసర్లో పోసినా అంతే.

బీఎస్సీ_మొదటి_ఏడు
అన్నా, చల్లార్చడం కాదు, ఎలా చల్లారుతుందో కొలుస్తున్నాను. కిటికీ మూసే ఉంది.

ల్యాబ్_మాస్టారు
స్టీలుగ్లాసు గారు ప్రశ్న వేరేగా అర్థం చేసుకున్నా, జవాబు దగ్గరికే వచ్చారు. తిరగబోసినప్పుడు టీ అంత తొందరగా చల్లారడానికి ఒక పెద్ద కారణం ఆవిరి. అమ్మా, నీ కప్పుకి మూత ఉందా? ల్యాబ్ కెలోరీమీటరుకి మూత ఉంటుంది, థర్మామీటరుకీ స్టిరర్‌కీ మాత్రమే కంతలు ఉంటాయి. తేడా అక్కడే.

పరిసరాలకన్నా ఎంత ఎక్కువ వేడిగా ఉంటే, వేడి అంత ఎక్కువగా పోతుందన్నది న్యూటన్ మాట. ఆవిరి ఈ లెక్కకు కట్టుబడదు. 80 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 355 మి.మీ. పాదరసం, 55 దగ్గర 118. గదితో తేడా 50 నుంచి 25కి, అంటే సగానికి తగ్గింది. ఆవిరి పీడనం మాత్రం మూడో వంతుకి పడిపోయింది. అందుకే మొదట్లో టీ నియమం చెప్పిన దానికన్నా వేగంగా చల్లారి, తర్వాత నెమ్మదిస్తుంది. నీ గీత వంగిన తీరు సరిగ్గా అదే.

ఎంత వేడి ఇలా పోతోందో చూడాలంటే, ఇలాంటి కప్పుతోనే నేను పిల్లల చేత చేయించింది చెబుతాను. మూత లేకుండా పది నిమిషాల్లో 80 నుంచి 62.5కి వచ్చింది, నీకు వచ్చినట్టే. మూత పెడితే అదే పది నిమిషాలకు 72 దగ్గర ఆగింది. తేడా 9.5 డిగ్రీలు. 150 గ్రాముల నీటికి అది దాదాపు 6,000 జౌళ్లు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,300 జౌళ్లు కావాలి, అంటే రెండున్నర గ్రాములు ఎగిరిపోయి ఉండాలి. మూత లేని కప్పుని డిజిటల్ తక్కెడ మీద పెట్టి చూస్తే మూడు గ్రాములు తగ్గింది. కప్పుకి తగిలిన వేడి మేం లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ కొంచెం తేడా ఉంటుంది. థర్మామీటరుని మాత్రం స్టాండుకి వేలాడదీయాలి. కప్పు మీద ఆనితే తక్కెడ అంకె నమ్మలేం.

తులసికోట
నేను స్కూల్లో పిల్లలకి పాలు కలిపిన టీతో చూపించి ఇరుక్కుపోయాను. మొదటి పది నిమిషాలు బాగానే సాగింది, తర్వాత చల్లారడం ఉన్నట్టుండి మందగించింది. చూస్తే పైన మీగడ కట్టింది. ఒక పిల్ల చెంచాతో దాన్ని పక్కకు లాగగానే పొగలు మళ్లీ లేచాయి, తర్వాతి రీడింగుల్లో టీ మళ్లీ జోరుగా చల్లారింది. గ్రాఫ్‌లో అక్కడ మెలిక పడింది. అప్పుడు కారణం తోచలేదు, మాస్టారు చెప్పింది చదివాక తెలిసింది. ఇప్పుడు వేడినీళ్లే వాడుతున్నాను.

ల్యాబ్_మాస్టారు
చాలా మంచి గమనిక అండీ. గోదారిగట్టు గారికి ఒక మాట. ఫ్యాన్ మధ్యలో వేసి ఆపితే గ్రాఫ్ పాడవుతుంది, అంతవరకు మీరన్నది నిజం. కానీ ఒకే వేగంతో మొదటి నుంచి చివరి దాకా తిరిగితే నియమం ఇంకా బాగా పనిచేస్తుంది. గాలి కదలని గదిలో కప్పు తన వేడితో తనే గాలిని పైకి లేపుకుంటుంది, టీ చల్లారే కొద్దీ ఆ గాలి జోరూ తగ్గుతుంది. న్యూటన్ 1701లో పేరు వేయకుండా లాటిన్‌లో అచ్చువేసిన వ్యాసంలో, కాల్చిన ఇనుప దిమ్మెను కదలని గాలిలో కాదు, ఒకే తీరుగా వీచే గాలిలో పెట్టానని రాశాడు.

గోదారిగట్టు
ఇది నాకు తెలియదు. అయినా ఆవిరి సంగతి? ఫ్యాన్ వేస్తే ఆవిరి ఇంకా ఎక్కువ పోదా?

ల్యాబ్_మాస్టారు
పోతుంది. అందుకే ఫ్యాన్‌తో పాటు మూత కూడా ఉండాలి.

బీఎస్సీ_మొదటి_ఏడు
చేశాను సార్! అట్టముక్కకి కంత పెట్టి మూతగా వేసి, ఫ్యాన్ రెండో నంబరులో వదిలేసి, 75 నిమిషాలు కూర్చున్నాను. మొదట 80, 25 నిమిషాలకు 55, 50కి 42.5, 75కి 36.3. ఈసారి గోడ మీద థర్మామీటరు 28 చూపించింది, అదే తీసుకున్నాను. మొదటి సగం స్కేలు పెట్టినట్టు వచ్చింది. చివర్లో గీత మళ్లీ పైకి తేలిపోతోంది. టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్_మాస్టారు
గది ఉష్ణోగ్రతను కాసేపు పక్కన పెట్టి, తగ్గినవి మాత్రమే చూడు. మొదటి 25 నిమిషాల్లో 25 డిగ్రీలు తగ్గింది, తర్వాత 12.5, తర్వాత 6.2. ప్రతిసారీ సగం. అచ్చమైన ఎక్స్‌పొనెన్షియల్ గ్రాఫ్ ఇది. ఇలాగే సగం సగం తగ్గుతూ పోతే ఎక్కడ ఆగుతుంది? 30 దగ్గర. అంటే కప్పు దగ్గర గాలి 30, నీ గోడ దగ్గర 28.

రెండు డిగ్రీలకే ఇంత తేడా ఏంటనుకుంటావేమో. మొదట్లో 50కి బదులు 52 రాశావు, లాగ్‌లో 0.04 తేడా, కంటికి ఆనదు. చివర్లో 6.3కి బదులు 8.3 రాశావు, అక్కడ తేడా 0.28. టీ గదికి దగ్గరయ్యే కొద్దీ ఈ తప్పు పెద్దదవుతుంది. రెండో థర్మామీటరుని కప్పు ఎత్తులోనే, జానెడు దూరంలో పెట్టి, ప్రతి పది నిమిషాలకీ దాన్ని కూడా రాసుకో.

తులసికోట
తగ్గుదలలు చూసే పద్ధతి చాలా బాగుంది. కానీ ఒక సందేహం మాస్టారూ. గోడ రీడింగ్ తప్పని నిజంగా తేలిందా, లేక సరళరేఖ రావాలని మనం 30 ఎంచుకున్నట్టా?

ల్యాబ్_మాస్టారు
సరైన ప్రశ్న. ఈ నాలుగు రీడింగులతో తేలదు. గది మధ్యలో ఒకటి రెండు డిగ్రీలు మారి ఉండవచ్చు కూడా. రెండో థర్మామీటరు పెట్టి మళ్లీ చేస్తేనే చెప్పగలం.

బీఎస్సీ_మొదటి_ఏడు
రేపు అలాగే చేస్తాను సార్. ఇంకొకటి. మూత ఉన్నా మొదటి రెండు నిమిషాల్లో మాత్రం గబుక్కున రెండు మూడు డిగ్రీలు పడిపోతోంది. అది వదిలేసి, 80కి వచ్చాకే స్టాప్‌వాచ్ మొదలుపెట్టాను. అది తప్పా?

గోదారిగట్టు
చల్లటి కప్పు వేడి లాక్కుంటుంది కదా. ముందే వేడినీళ్లతో కప్పు కడిగి చూడండి.

స్టీలుగ్లాసు
ఇది మాత్రం నాకు తెలుసు! చలికాలం పొద్దున్నే గ్లాసులు వేడినీళ్లలో ముంచకుండా పోస్తే, టీ చల్లగా ఉందని గిరాకీలు తిరిగి ఇచ్చేస్తారు.

ల్యాబ్_మాస్టారు
ఇద్దరూ అన్నది సరైనదే అనుకుంటున్నాను. థర్మామీటరు ఆలస్యం అని మాత్రం అనుకోవద్దు, అది పైకి ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది కానీ ఇలా దిగదు. కప్పుని ముందే వేడిచేసి ఒకసారి, చేయకుండా ఒకసారి, రెండూ రాసి ఇక్కడ పెట్టమ్మా.