కన్సల్టెన్సీ మాజీ భాగస్వామి ఇండిపెండెంట్ డైరెక్టర్ అవుతారా?

బెంగళూరులో ఒక లిస్టెడ్ కంపెనీ సెక్రటేరియల్ విభాగంలో పనిచేస్తున్నాను. మా బోర్డులో జీతం తీసుకుని కంపెనీ నడిపే ఎండీ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. ఆయన తమ్ముడికి జీతం లేదు, రోజువారీ పనిలో ఉండరు కాబట్టి నాన్-ఎగ్జిక్యూటివ్. కానీ ప్రమోటర్ కుటుంబం కనుక ఇండిపెండెంట్ కారు.

ఇప్పుడు కొత్త ఇండిపెండెంట్ డైరెక్టర్ కావాలి. ప్రతిపాదించిన వ్యక్తి గత మార్చి దాకా మాకు సలహాలిచ్చే కన్సల్టెన్సీలో భాగస్వామి. పోయిన ఆర్థిక సంవత్సరంలో ఆ సంస్థ టర్నోవర్ 5 కోట్లు, మేమిచ్చిన ఫీజు 40 లక్షలు, అంటే 8 శాతం. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 149(6)(e)లోని 10 శాతం గీత దాటలేదు. అయితే ఆ ఫీజులోంచి లాభంగా ఆయనకు 9 లక్షలు వచ్చాయి. ఆయన మొత్తం ఆదాయం 60 లక్షలు, అంటే 15 శాతం. అదే 149(6)లోని క్లాజ్ (c) ఆయన సొంత ఆదాయంలో 10 శాతాన్నే చూస్తుంది.

తాను ఇండిపెండెంటేనని ఆయన డిక్లరేషన్ ఇచ్చేశారు, కానీ అది మా సందేహం తీర్చలేదు. అడిగిన ఇద్దరు సీఎస్‌లలో ఒకరు (e) చాలన్నారు, మరొకరు రెండూ చూడాలన్నారు. టెన్షన్ ఎందుకంటే, ప్రమోటర్ల గోడౌన్ అద్దె ఒప్పందం త్వరలో ఆడిట్ కమిటీకి వస్తుంది. సెబీ నియమాల ప్రకారం దాన్ని కమిటీలోని ఇండిపెండెంట్ సభ్యులే ఆమోదించాలి. రేపు ఈయన అర్హత చెల్లదంటే ఆ ఆమోదం మీదే ప్రశ్న వస్తుంది.

సంస్థకు వెళ్లిన ఫీజులో భాగస్వామి వాటాను క్లాజ్ (c) కింద ఆయన సొంత ఆర్థిక సంబంధంగా లెక్కించాలా?